ఆఫీసు వేళలు అయ్యాక చేసే పనిని కంపెనీ ఆపగలదా?

ప్రశ్న: "హైదరాబాద్‌లో ఒక ఐటీ సర్వీసెస్ కంపెనీలో బ్యాకెండ్ డెవలపర్‌గా నాలుగేళ్ల నుంచి చేస్తున్నాను. మా క్లయింట్ అమెరికాలో ఒక హెల్త్ ఇన్సూరెన్స్ సంస్థ. బెంగళూరులో ఒక స్టార్టప్ వాళ్లు రోజూ రాత్రి రెండు గంటలు, శనివారం పూర్తిగా పని చేస్తే నెలకు 35,000 ఇస్తామంటున్నారు. వాళ్లది డయాగ్నొస్టిక్ సెంటర్లలో అపాయింట్‌మెంట్ బుక్ చేసే యాప్. మా ఆఫర్ లెటర్‌లో 'కంపెనీ ముందస్తు లిఖితపూర్వక అనుమతి లేకుండా, ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ, ప్రతిఫలం ఉన్నా లేకున్నా, మరే ఉద్యోగం, వ్యాపారం చేయరాదు' అని ఉంది. సెక్షన్ 27 ప్రకారం ఇలాంటి షరతు చెల్లదని ఫ్రెండ్స్ అంటున్నారు. డబ్బు నా భార్య అకౌంట్‌లో వేయించుకోమని కూడా సలహా ఇచ్చారు. అమెరికాలో ఉన్న అన్నయ్యేమో ఆఫీసు అయ్యాక ఏం చేస్తే వాళ్లకెందుకు అంటున్నాడు. నిజంగా ఆపగలరా?"

ఆపగలరు. మీరు ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు ఆ షరతు మామూలుగా చెల్లుతుంది. ఆఫీసు వేళల తర్వాత చేశానన్న ఒక్క కారణంతో దాని నుంచి బయటపడలేరు. అయితే మీ షరతులోనే 'అనుమతి లేకుండా' అనే మాట ఉంది. మీకున్న దారి అదే. నేను పదిహేడేళ్లు ఐటీ కంపెనీల హెచ్ఆర్‌లో పనిచేశాను. ఇలాంటి విషయాల మీద జరిగే ఎంక్వైరీల్లో చాలాసార్లు బల్లకు కంపెనీ వైపు కూర్చున్నాను. ఇప్పుడు ఉద్యోగుల తరఫున కాంట్రాక్టులు చదివిపెడుతున్నాను. మీ ఫ్రెండ్స్ చెప్పిన సలహాల్లో ఒకటి సగం నిజం, ఇంకొకటి ప్రమాదకరం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సెక్షన్ 27 సంగతి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోది అది. ఎవరినైనా చట్టబద్ధమైన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు అంటుంది. మాటలు అంత సూటిగా ఉంటాయి కాబట్టే వాట్సాప్ గ్రూపుల్లో దాన్ని చూపించి 'మన ఆఫర్ లెటర్ చెల్లదు' అంటుంటారు. కానీ కోర్టులు ఈ సెక్షన్‌ని చదివేటప్పుడు ఒక గీత గీశాయి. ఉద్యోగం నడుస్తున్నప్పుడు ఉండే ఆంక్ష వేరు, ఉద్యోగం అయిపోయాక కూడా వెంటాడే ఆంక్ష వేరు. సెక్షన్ 27 దెబ్బ గట్టిగా పడేది రెండోదాని మీద.

ఈ గీతకు పునాది 1967లో సుప్రీంకోర్టు ఇచ్చిన నిరంజన్ శంకర్ గోలికరీ తీర్పు. సెంచురీ స్పిన్నింగ్ కంపెనీకి ముంబై దగ్గర కల్యాణ్‌లో టైర్ కార్డ్ నూలు తీసే ప్లాంటు ఉండేది. దాని టెక్నాలజీని హాలండ్ కంపెనీ నుంచి, రహస్యం కాపాడతామన్న షరతు మీద తెచ్చుకున్నారు. గోలికరీ అక్కడ షిఫ్ట్ సూపర్‌వైజర్. అయిదేళ్ల ఒప్పందం మీద చేరారు. ఆ అయిదేళ్లూ తన సమయమంతా కంపెనీకే ఇవ్వాలని, మరెక్కడా పూర్తికాలంగా గానీ పార్ట్‌టైమ్‌గా గానీ చేయకూడదని అందులో ఉంది. ఆయన మధ్యలోనే వదిలి, ఎక్కువ జీతానికి కోటాలోని రాజస్థాన్ రేయాన్‌లో చేరారు. అక్కడ కూడా అదే రకం నూలు. ఒప్పందం నడుస్తున్న కాలానికి పెట్టిన ఇలాంటి ఆంక్షను సాధారణంగా వ్యాపారానికి అడ్డుగా చూడకూడదని కోర్టు చెప్పింది. దానికి ఒక హద్దు కూడా పెట్టింది. ఒప్పందం మరీ కఠినంగా, అన్యాయంగా, ఏకపక్షంగా ఉంటే మాత్రం చెల్లదు అంది. ఆ హద్దును గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఆ గీతకు రెండో వైపు ఏముందో 2006లో క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో బాగా కనిపిస్తుంది. ఆయన వ్యవహారాలు చూసే ఏజెన్సీ, తమతో కాంట్రాక్టు ముగిశాక కూడా కొత్త ఆఫర్లను ముందు తమకే చూపించాలన్న షరతును అమలు చేయించుకోబోయింది. కాంట్రాక్టు అయిపోయాక వర్తించే అలాంటి ఆంక్ష సెక్షన్ 27 కింద చెల్లదని సుప్రీంకోర్టు చెప్పేసింది. కాబట్టి మీ లెటర్‌లో 'మానేశాక రెండేళ్లు పోటీ కంపెనీలో చేరరాదు' అని ఎక్కడైనా ఉంటే దాని గురించి మీ ఫ్రెండ్స్ మాట చాలావరకు నిజం. ఇప్పుడు మీరు అడిగిన షరతు గురించి మాత్రం కాదు. 2025 మేలో విజయా బ్యాంక్ బాండు కేసులో కూడా సుప్రీంకోర్టు ఇదే తేడాను మళ్లీ చెప్పింది. ఉద్యోగకాలంలో అమలయ్యే ఆంక్షలు సెక్షన్ 27కి విరుద్ధం కావని, మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న ఆ బాండును సమర్థించింది. అంటే ఇదేదో పాతకాలపు తీర్పు, ఇప్పుడు పనికిరాదు అనుకోవడానికి వీల్లేదు.

ఇక 'నా టైమ్ నాది' అనే వాదన. నేను కంపెనీ వైపు ఉన్నప్పుడు కూడా ఈ మాటలో నాకు న్యాయం కనిపించేది. తొమ్మిది గంటలకు జీతమిచ్చి ఇరవైనాలుగు గంటలూ కొనేసుకున్నట్టు రాసే కాంట్రాక్టులు నాకు ఇప్పటికీ నచ్చవు. కానీ చట్టం దీన్ని గడియారం చూసి తేల్చదు. 1946 నాటి ఇంగ్లండ్ కేసు ఒకటుంది, హైవాక్ అనే కంపెనీది. వినికిడి యంత్రాల్లో వాడే చిన్న వాల్వులు తయారుచేసేవారు. అందులో నైపుణ్యం ఉన్న కొందరు కార్మికులు ఆదివారాలు వెళ్లి పోటీ కంపెనీకి అవే వాల్వుల పని చేసిపెట్టారు. వాళ్ల ఒప్పందంలో బయట చేయొద్దన్న షరతే లేదు. రహస్యాలు బయటపెట్టినట్టు రుజువు కూడా లేదు. అయినా కోర్టు ఆ పని ఆపించింది. ఖాళీ సమయంలోనైనా సరే, యజమానికి పోటీగా నిలిచేవాళ్లకు తెలిసి తెలిసి బలం చేకూర్చడం నమ్మకద్రోహమే అంది. అదే తీర్పులో, కూలి మీద బతికేవాడి ఖాళీ సమయానికి అడ్డుపడే విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలని కూడా అంది. మన కోర్టులకు ఇంగ్లండ్ తీర్పు శాసనం కాదు, కానీ ఆలోచన ఇదే. మీరు ఎప్పుడు చేశారన్నదానికంటే, ఎవరికోసం చేశారు, దానివల్ల మీ కంపెనీకి ఏమైంది అన్నవే బరువైన ప్రశ్నలు.

మన దేశంలోనూ, సంస్థల్లో కార్మికుల ఉద్యోగ నియమాలను చెప్పే పాత స్టాండింగ్ ఆర్డర్ల నమూనా నిబంధనల్లో ఇదే ధోరణి ఉంది. కార్మికుడు తన సంస్థ ప్రయోజనాలకు వ్యతిరేకంగా పనిచేయరాదు, యజమాని ప్రయోజనాన్ని దెబ్బతీసే అదనపు ఉద్యోగం చేయరాదు అని రాశారు. గమనించండి, ఏ అదనపు ఉద్యోగమూ వద్దనలేదు, దెబ్బతీసేది వద్దన్నారు. మీ ఆఫర్ లెటర్ ఇంతకంటే చాలా వెడల్పుగా ఉంది. ఇంకొక మాట, పాత ఫ్యాక్టరీల చట్టం 60వ సెక్షన్ రెండు ఉద్యోగాలు నిషేధించిందని చాలామంది రాస్తుంటారు. అది ఒకే రోజున రెండు ఫ్యాక్టరీల్లో పనిచేయడం గురించి. సాఫ్ట్‌వేర్ వాళ్లకు దానితో పనిలేదు.

2022లో ఈ గొడవ పెద్దదైనప్పుడు జరిగింది కూడా ఈ తేడాని చూపిస్తుంది. ఆ సెప్టెంబరులో విప్రో చైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ 300 మందిని తీసేశామని చెప్పారు. వాళ్లు చేసింది వీకెండ్ సంగీతమో ట్యూషన్లో కాదు, విప్రోలో ఉంటూనే పోటీ సంస్థలకు పనిచేయడం. అదే ఏడాది ఆగస్టులో స్విగ్గీ తన ఉద్యోగులకు బయట పనులు చేసుకోవడానికి ఒక పాలసీ తెచ్చింది. ఇన్ఫోసిస్ ముందు రెండు ఉద్యోగాలు కుదరవని ఘాటుగా మెయిల్ పంపి, అక్టోబరులో మాత్రం మేనేజర్, హెచ్ఆర్ ముందస్తు అనుమతితో, సొంత సమయంలో, తమకూ తమ క్లయింట్లకూ పోటీ కాని చోట చిన్న పనులు చేసుకోవచ్చని చెప్పింది. ఈ మూడో పద్ధతే ఇప్పుడు మీలాంటి వాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది. అనుమతి, సొంత సమయం, పోటీ లేకపోవడం. మీ కంపెనీ పాలసీ పోర్టల్‌లో 'కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్' లేదా 'అవుట్‌సైడ్ ఎంప్లాయ్‌మెంట్' అనే పేరుతో ఒక పత్రం ఉండే ఉంటుంది. ఆఫర్ లెటర్ కంటే దాన్ని ముందు చదవండి. నాలుగేళ్ల కింద సంతకం పెట్టిన లెటర్ కంటే ఆ పాలసీ మెత్తగా ఉన్న సందర్భాలు నేను చూశాను.

ఇప్పుడు మీ షరతులోని మాటల దగ్గరికి వద్దాం. 'ప్రతిఫలం ఉన్నా లేకున్నా' అన్నారు. అంటే బంధువుల షాపుకి ఉచితంగా వెబ్‌సైట్ చేసిపెట్టినా అక్షరాలా ఇందులోకి వస్తుంది. నేను ఇందాక చెప్పిన హద్దు ఇక్కడ పనికొస్తుంది. ఇలాంటి చిన్న విషయం మీద ఉద్యోగం తీసేస్తే ఆ శిక్ష అన్యాయమని వాదించడానికి గట్టి ఆధారం ఉంటుంది. ఒకసారి మా దగ్గర ఒక టెస్టింగ్ ఇంజినీరు గుంటూరులో ఉన్న పిన్నిగారి పచ్చళ్ల వ్యాపారానికి ఆర్డర్లు తీసుకునే సైట్ చేశాడు. ఎవరో చెబితే ఫిర్యాదు వచ్చింది. మాట్లాడి, జాగ్రత్తగా ఉండమని లెటర్ ఇచ్చి వదిలేశాం. అతను దాచలేదు. కంపెనీ లాప్‌టాప్ వాడలేదు. మా వ్యాపారానికీ పచ్చళ్లకూ సంబంధం లేదు.

మరో కేసు దీనికి పూర్తిగా ఎదురు. ఒకతను ఇంట్లో రెండు లాప్‌టాప్‌లు పెట్టుకుని రెండు కంపెనీల్లో ఫుల్‌టైమ్ చేశాడు. రెండు చోట్లా ఉదయం పదింటికే స్టాండప్ కాల్. ఒకదాంట్లో మాట్లాడుతున్నప్పుడు ఇంకోదాంట్లో 'నెట్‌వర్క్ బాగోలేదు' అనేవాడు. దొరికింది ఎలాగంటే, రెండో కంపెనీ మీటింగుల క్యాలెండర్‌ను మా లాప్‌టాప్‌లోనే తన సొంత మెయిల్‌లో తెరిచాడు. లాప్‌టాప్ మీద ఉన్న సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకుంది. అసలు సమస్య రెండో ఉద్యోగం కూడా కాదు. మేం అతని గంటలను క్లయింట్‌కి బిల్లు వేస్తున్నాం, అతను టైమ్‌షీట్‌లో ఎనిమిది గంటలు రాస్తున్నాడు. పని చేయని గంటలకు క్లయింట్ దగ్గర డబ్బు తీసుకున్నట్టయింది. అలాంటప్పుడు వాదించడానికి అతని దగ్గర ఏమీ మిగల్లేదు. ఒప్పంద ఉల్లంఘన మామూలుగా సివిల్ వ్యవహారమే, జైలు దాకా పోదు. తప్పుడు టైమ్‌షీట్లు, క్లయింట్ డేటా బయటికి తీసుకెళ్లడం లాంటివి కలిస్తే మాత్రం అది క్రిమినల్ వైపు కూడా తిరగవచ్చు. అనుమతి లేకుండా కంపెనీ కంప్యూటర్ల నుంచి డేటా కాపీ చేయడం మీద ఐటీ చట్టంలోనే సెక్షన్లు ఉన్నాయి.

మీది ఈ రెండింటికీ మధ్యలో ఉంది. మీ కంపెనీ సర్వీసెస్ కంపెనీ, స్టార్టప్‌ది ప్రొడక్ట్. నేరుగా పోటీ కాదు. కానీ మీ క్లయింట్ హెల్త్ ఇన్సూరెన్స్, స్టార్టప్ డయాగ్నొస్టిక్స్. మీ కంపెనీకి ఇంకెవరైనా ల్యాబ్ చెయిన్ క్లయింట్‌గా ఉందో లేదో మీకు తెలియకపోవచ్చు, హెచ్ఆర్‌కి తెలుస్తుంది. రాత్రి రెండు గంటల విషయం కూడా ఆలోచించండి. అమెరికా క్లయింట్ అంటే రాత్రిపూట కాల్స్ ఉండొచ్చు, ప్రొడక్షన్ సమస్య వస్తే పదకొండింటికి ఫోన్ రావొచ్చు. అదే సమయానికి స్టార్టప్ వాళ్లకు రిలీజ్ ఉంటే మీరు ఎటు ఉంటారు? ఎంక్వైరీలో అడిగే ప్రశ్న సరిగ్గా ఇదే.

చాలామంది అసలు చూడని చిక్కు ఇంకొకటుంది, నా దృష్టిలో మీకు అన్నిటికంటే ముఖ్యమైనది. మీరు రాసే కోడ్ ఎవరిది? 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమాని. రాత్రి స్టార్టప్ కోసం రాసింది మీ ఉద్యోగంలో భాగం కాదు కాబట్టి దానికి మీ కంపెనీ హక్కుదారు కాదు అనిపిస్తుంది. కానీ మీ ఆఫర్ లెటర్‌లోనో, దాంతోపాటు సంతకం పెట్టిన మరో కాగితంలోనో 'ఉద్యోగకాలంలో తయారుచేసిన ప్రతి ఆవిష్కరణ, సాఫ్ట్‌వేర్ హక్కులు కంపెనీకి చెందుతాయి' అని ఉందేమో వెతకండి. చాలా కంపెనీల్లో ఉంటుంది. ఆఫీసు పనికి సంబంధించినది మాత్రమే అని పరిమితి పెడితే ఫర్వాలేదు. 'ఉద్యోగకాలంలో' అని మాత్రమే రాసి వదిలేస్తే గొడవకు చోటిచ్చినట్టే. ఇటు స్టార్టప్ వాళ్లు కూడా కాంట్రాక్ట్ ఇస్తారు. అందులో మీరు రాసిన కోడ్ హక్కులన్నీ వాళ్లకు ఇస్తున్నట్టు ఉంటుంది. దానితోపాటు 'ఈ పని చేయడానికి నాకు మరే ఒప్పందమూ అడ్డు లేదు' అని ఒక హామీ కూడా ఉంటుంది. ఆ హామీ మీద మీరు ఇప్పుడు సంతకం పెడితే అది అబద్ధం. రేపు స్టార్టప్‌కి పెట్టుబడి వచ్చే సమయంలో పెట్టుబడిదారుల లాయర్లు కోడ్ ఎవరెవరు రాశారని అడుగుతారు. వేరే కంపెనీ ఉద్యోగి రాశాడని తేలితే మీ కంపెనీ నుంచి కాగితం తెమ్మంటారు. అప్పటికి ఏడాదిగా చేస్తున్న పని ఆ రోజు మీ రెండు కంపెనీల మధ్య బయటపడుతుంది. ఒకతను నా దగ్గరికి సరిగ్గా ఇదే పరిస్థితిలో వచ్చాడు. స్టార్టప్‌కి కావాల్సిన కాగితం అడగాలంటే తన తప్పు తానే ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ టెన్షన్‌తో రెండు నెలలు నిద్రలేకుండా గడిపి, చివరికి ఉద్యోగానికి రాజీనామా చేశాడు.

భార్య అకౌంట్ సలహా మాత్రం వినకండి. మీ షరతులో 'పరోక్షంగా గానీ' అనే మాట అలాంటి పనుల కోసమే పెట్టారు. పని మీరు చేసి డబ్బు ఆవిడ పేరున తీసుకుంటే, అనుమతి తీసుకోలేదన్న చిన్న తప్పు కాస్తా దాచిపెట్టాడన్న పెద్ద తప్పు అవుతుంది. ఎంక్వైరీల్లో నేను చూసినంతలో, పని చేసినందుకు కంటే దాచినందుకే మనుషుల్ని తీసేశారు. పన్ను పరంగా కూడా అది సరికాదు, ఎవరు కష్టపడితే ఆదాయం వాళ్లదే. ఆవిడకు ఆ పనితో సంబంధం లేనప్పుడు ఆవిడ రిటర్నులో చూపిస్తే ఆవిడను కూడా చిక్కులో పెట్టినట్టవుతుంది.

డబ్బు ఏ రూపంలో వస్తుందన్నది కూడా చూసుకోవాలి. స్టార్టప్ మిమ్మల్ని ఉద్యోగిగా చూపించి పీఎఫ్ కడితే, మీ యూఏఎన్‌లో ఒకే నెలకు రెండు సంస్థలు కనిపిస్తాయి. తర్వాత ఎప్పుడైనా కంపెనీ మారితే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఆ సర్వీస్ హిస్టరీ అడుగుతారు. రెండేళ్ల తర్వాత, అంతా మర్చిపోయాక దొరికినవాళ్లు ఎక్కువగా ఇలాగే దొరికారు. కన్సల్టెంట్‌గా ఫీజు తీసుకుంటే పీఎఫ్ ఉండదు, టీడీఎస్ పట్టుకుంటారు. అది మీ 26ఏఎస్‌లో కనిపిస్తుంది. మీ కంపెనీ దాన్ని తనంతట తాను చూడలేదు, కానీ కొత్త కంపెనీ మిమ్మల్నే తెచ్చి చూపించమనవచ్చు. ఫీజు తీసుకున్న ఏడాది రిటర్ను వేసేటప్పుడు జీతం ఒక్కటే ఉన్నవాళ్ల ఐటీఆర్-1 సరిపోదు. వృత్తి ఆదాయం చూపించే ఫారం వేయాలి. ఏడాది పొడుగునా పట్టుకున్న పన్ను చాలకపోతే అడ్వాన్స్ టాక్స్ కట్టాలి, లేదంటే వడ్డీ పడుతుంది. అనుమతి వచ్చినా సరే ఇదంతా చేయాల్సిందే. అందుకే మొదటి నెలలోనే ఒక ఆడిటర్‌ని కలవండి.

అన్నయ్య సంగతి వేరు. ఆయన హెచ్-1బీ మీద ఉంటే, ఆఫీసు కాంట్రాక్టులో ఏమున్నా లేకున్నా, పిటిషన్ వేసిన కంపెనీకి తప్ప మరెవరికీ పనిచేయకూడదు. రెండో కంపెనీకి చేయాలంటే ఆ కంపెనీ కూడా విడిగా పిటిషన్ వేయాలి. అనుమతి లేని పని వీసా హోదాకే ముప్పు. ఆయనకు గ్రీన్‌కార్డో సిటిజన్‌షిప్పో ఉంటే వీసా భయం లేదు, అప్పుడు ఆయన కాంట్రాక్టు ఏమంటుందో అంతవరకే. ఆ పరిస్థితిని మీదానితో పోల్చకండి.

నేను మీ స్థానంలో ఉంటే స్టార్టప్‌కి సరే అనకముందే మేనేజర్‌కి, హెచ్ఆర్‌కి కలిపి ఒక మెయిల్ రాస్తాను. ముందు మేనేజర్‌తో నోటిమాటగా చెప్పడం మర్యాద, కానీ నోటిమాట అనుమతి కాదు. మీ షరతు లిఖితపూర్వకంగా అంటోంది. ఆ మేనేజర్ మారిపోతే మీ దగ్గర ఏమీ మిగలదు. మెయిల్‌లో స్టార్టప్ పేరు, వాళ్లు చేసే వ్యాపారం, మీరు చేసే పని ఒక్క వాక్యంలో, వారానికి ఎన్ని గంటలు, ఏయే సమయాల్లో, ఎన్నాళ్లు, ఫీజు రూపంలో తీసుకుంటారన్న విషయం రాయండి. కంపెనీ లాప్‌టాప్, నెట్‌వర్క్, కోడ్, క్లయింట్ సమాచారం ఏదీ వాడనని, ఆన్‌కాల్ వస్తే ఆఫీసు పనే ముందని, కంపెనీ ప్రయోజనాలకు అడ్డొస్తుందని అనిపిస్తే చెప్పిన వెంటనే ఆపేస్తానని రాయండి. చివర్లో, ఈ పనిలో రాసే కోడ్ మీద కంపెనీకి హక్కు ఉండదని నిర్ధారించమని అడగండి. ఆ ఒక్క వాక్యం దొరికితే స్టార్టప్‌కి కూడా నిశ్చింత. ఫీజు ఎంతో చెప్పాల్సిన అవసరం లేదు, అడిగితే అబద్ధం చెప్పకండి. మీ వైపు నుంచి చూస్తే, రోజుకు రెండు గంటల చొప్పున అయిదు రోజులు, శనివారం ఎనిమిది గంటలు అనుకుంటే వారానికి పద్దెనిమిది గంటలు. ఇది చదివిన ఏ హెచ్ఆర్ అయినా ఆగి ఆలోచిస్తారు. స్టార్టప్‌తో మాట్లాడి వారానికి ఎనిమిది, పది గంటలకు తగ్గించుకుని అడిగితే అనుమతి దొరికే అవకాశం ఎక్కువ. 35,000 అప్పుడు తగ్గుతుంది, నిజమే.

జవాబు రాకపోతే అది అంగీకారం కాదు. వారం ఆగి మళ్లీ అడగండి. అప్పటివరకు స్టార్టప్ రిపోజిటరీలో ఒక్క లైను కూడా రాయకండి. కాదంటే, కారణం అడగవచ్చు. పోటీ గురించి భయమైతే పనిని మార్చుకోవచ్చు. ఏ కారణమూ లేకుండా 'పాలసీ' అంటే, ఆ ఉద్యోగం ఉంచుకోవాలా ఈ పని చేయాలా అన్నది మీ నిర్ణయం. నోటీసు ఇచ్చి మానేశాక స్టార్టప్‌లో చేరకుండా కంపెనీ ఆపడం చాలా కష్టం. మొదట చెప్పిన గీత అప్పుడు మీ వైపు ఉంటుంది. క్లయింట్ రహస్యాలు మాత్రం మానేశాక కూడా బయటపెట్టకూడదు.

ఒకవేళ ఇప్పటికే మొదలుపెట్టేసి ఇది చదువుతున్నవాళ్లు ఉంటే, షోకాజ్ నోటీసు వచ్చినప్పుడు ఏం జరుగుతుందో కూడా చెబుతాను. సాధారణంగా రెండు మూడు రోజుల్లో జవాబివ్వమంటారు. ఆ రోజే హెచ్ఆర్ గదిలో కూర్చోబెట్టి 'రాజీనామా చేస్తే గొడవ ఉండదు' అని తయారుచేసిన కాగితం చూపించవచ్చు. అక్కడికక్కడ సంతకం పెట్టకండి. ఏ ఆధారం మీద నోటీసు ఇచ్చారో కాపీ అడగండి, టైమ్ అడగండి, రాతపూర్వకంగా జవాబివ్వండి. చేసింది చేశానని ఒప్పుకుని, పోటీ లేదని, కంపెనీ వనరులు వాడలేదని, నష్టం జరగలేదని, అవి నిజమైతే, రాయండి. అబద్ధం రాస్తే అదే రెండో ఆరోపణ అవుతుంది. చాలాకాలం పనిచేసినవాళ్లను ఏ విచారణా లేకుండా తీసేయడానికి చట్టంలో అడ్డంకులున్నాయి. కానీ మీ హోదా ఏమిటి, ఏ రాష్ట్రం, ఐటీ సంస్థలకు ఏయే మినహాయింపులిచ్చారు అన్నదాన్ని బట్టి అవి మారతాయి. ఆఫర్ లెటర్, నోటీసు, తేదీలు పట్టుకుని లేబర్ లాయర్‌ని కలవడం మంచిది.

డబ్బు వెనక్కి కట్టమని బెదిరిస్తే భయపడకండి. ఇచ్చిన జీతమంతా తిరిగివ్వమనడం, ఆఫర్ లెటర్‌లో రాసిన పెద్ద మొత్తం కట్టమనడం అంత తేలిక కాదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంత రాసుకున్నా, కోర్టు ఇప్పించేది సహేతుకమైన పరిహారమే, రాసిన మొత్తాన్ని మించకుండా. ఈ కారణంతో కంపెనీలు కోర్టుకెక్కడం చాలా అరుదు. వాళ్ల చేతిలో ఉన్న అసలు ఆయుధం రిలీవింగ్ లెటర్. అందులో ఏ మాట రాస్తారో, తర్వాతి కంపెనీ వెరిఫికేషన్‌లో అడిగితే ఏం చెబుతారో, అదే మీ తర్వాతి మూడు నాలుగేళ్లను నిర్ణయిస్తుంది. అందుకే మాట్లాడుకుని వెళ్లిపోయే పరిస్థితి వస్తే, రాజీనామా మీద సంతకం పెట్టకముందే రిలీవింగ్ లెటర్‌లో, సర్వీస్ సర్టిఫికెట్‌లో ఏం రాస్తారో మెయిల్‌లో తీసుకోండి.

మీ ఆఫర్ లెటర్‌లోని హక్కుల పేరా, పాలసీ పోర్టల్‌లోని పత్రం, రెండిట్లోనూ పేర్లు కొట్టేసి ఇక్కడ పెట్టండి. మెయిల్‌లో ఏ వాక్యం ఎలా ఉండాలో చూసి చెబుతాను.